డైనోసార్ నీడ: రెండేళ్లు చదివిన కథ మీద నా మాట

మా అబ్బాయికి ఏడేళ్లప్పుడు ఈ కథ మా ఇంటికొచ్చింది. ఇప్పుడు వాడికి తొమ్మిది. స్కూల్ టూర్ గ్రూప్ ఫొటోలో ఒక కుర్రాడు వెనక వరస దగ్గర టైరనోసారస్ బొమ్మను అతికిస్తాడు, టీచర్ పట్టేస్తుంది. కథంతా ఇంతే. నాకు ఇందులో ప్రాణంలాంటి చోటు ఒకటుంది: ఆవిడ ఎలా పట్టుకుందన్నది.

డైనోసార్లు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటే పోయాయి కదా అని ఆవిడ అనదు. ఫొటో దగ్గరగా పట్టుకుని పిల్లల జుట్టు చూస్తుంది. ఎండ వాళ్ల వెనక నుంచి వస్తోంది, అందుకే నీడలు ముందుకు పడ్డాయి, జుట్టు అంచులు మెరుస్తున్నాయి. పిల్లల నీడలు దాదాపు వాళ్లంత పొడవే ఉన్నాయి. అంటే నడుము దగ్గరే నాలుగు మీటర్లుండే జంతువు నీడ కూడా నాలుగు మీటర్లు రావాలి. అది పిల్లలకు రెండడుగుల వెనకే నిలబడింది. అలాంటప్పుడు వాళ్లంతా దాని నీడలో మునిగిపోవాలి. "మరి నీ జుట్టు మీదికి ఎండ ఎక్కణ్నుంచి వచ్చింది నాన్నా?" అని అడుగుతుంది, అంతే. కుర్రాడు డైనోసార్ కాళ్ల కింద నల్లగా నీడ కూడా వేశాడు పాపం, కానీ అది ఎవరి మీద పడాలో ఆలోచించలేదు. ఆ పేజీ ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మొదట్లో ఈ కథ గురించి కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను. ఇది చదివిన పిల్లలు దొంగ ఫొటోను ఇట్టే పట్టేస్తారని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి.

కిందటేడాది ఒకరోజు మావాడు స్కేలు పట్టుకుని పాత ఆల్బమ్ ముందు కూర్చున్నాడు. తాతయ్య కుర్రతనంలో స్నేహితులతో దిగిన ఫొటో అందులో ఉంది. ఆరుగురు వరసగా నిలబడ్డారు, వెనక సాయంత్రపు ఎండ. కాసేపటికి వాడు వచ్చి, "నాన్నా, తాతయ్య ఫొటో దొంగది" అన్నాడు. ఎడమ చివర మనిషి నీడ ఎడమకు వాలింది, కుడి చివర మనిషిది కుడికి వాలింది. కథలో టీచర్ "ఎండలో నీడలన్నీ ఒకే వైపు పడతాయి" అంటుందిగా! వాడు ఆ మాటనే పట్టుకున్నాడు. మా నాన్న పక్కనే ఉండి విన్నారు. ఆ ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆయన ముఖం చూసి నాకు కథ మీద నిజంగా కోపం వచ్చింది.

తప్పు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. నేల మీద నీడలు ఒకే వైపు పడేది నిజమే. ఫొటోలో మాత్రం, రైలు పట్టాలు దూరంగా పోయేకొద్దీ కలిసినట్టు కనిపిస్తాయి చూడండి, అలాగే నీడలు కూడా విసనకర్రలా విచ్చుకుంటాయి. కాబట్టి నీడ వాలు చూస్తే చాలదు. నీడ కొస నుంచి, ఆ కొసను వేసిన చోటు మీదుగా గీత గీసి పైకి పొడిగించాలి. సూర్యుడు ఒక్కడే కాబట్టి అన్ని గీతలూ ఒకే చోట కలవాలి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ఈ గీతకు ఇబ్బంది లేదు.

ఆ సాయంత్రం ఫొటోకు జిరాక్సు తీసి, పెద్ద తెల్లకాగితం మధ్యలో అతికించి ముగ్గురం కూర్చున్నాం. ఐదు గీతలు ఫొటో పై అంచుకు జానెడు పైన దాదాపు ఒకే చోట కలిశాయి. ఆరోది మాత్రం పక్కకు పోయింది. మావాడు మళ్లీ అనుమానంగా చూశాడు. అప్పుడు మా నాన్న కళ్లజోడు సర్దుకుని, "వాడు చెయ్యెత్తాడు రా, ఆ కొస తలది కాదు, చేతిది" అన్నారు. చేతివేళ్ల మీదుగా గీస్తే అదీ వచ్చి కలిసింది. మా నాన్న ఆ కాగితాన్ని మడిచి ఆల్బమ్‌లోనే పెట్టుకున్నారు.

గీతలు కలవకపోతే ఏదో తేడా ఉన్నట్టే. కానీ కలిసినంత మాత్రాన ఫొటో నిజమైనదని చెప్పలేం, అతికించినవాడు జాగ్రత్తపరుడైతే నీడ కూడా సరిగ్గానే వేస్తాడు. మబ్బు రోజు తీసిన ఫొటోల్లో అసలు గియ్యడానికే ఏమీ ఉండదు. కథ ఈ మాటలేవీ చెప్పదు.

అయినా మా ఇంట్లో ఇంకా చదువుతూనే ఉన్నాం. ఆ వాక్యం దగ్గర నేను ఆగి పట్టాల సంగతి చెబుతాను. పక్కన కూర్చునే తీరిక నాకుంది, వాడికి గీతలు గియ్యడం ఇష్టం, కాబట్టి మాకు సరిపోయింది. పిల్లలు ఒంటరిగా చదువుకునే ఇంట్లో ఇదే కథ ఎలా ఉంటుందో నేను చెప్పలేను. జుట్టు మెరుపు పేజీ కోసమైతే మాత్రం ఒకసారి చదవమనే అంటాను.