42, 17 లెక్కలు తెలుగు సబ్‌టైటిల్స్‌కి పనికొస్తయా? చాన్నాళ్లు వాడినంక నా మాట

హన్మకొండల కూసొని వ్యవసాయం వీడియోలకు తెలుగు సబ్‌టైటిల్స్ ఏస్త. క్లయింట్లు మొదలే రూల్ షీట్ పంపుతరు, లైన్‌కు 42 క్యారెక్టర్లు, రెండే లైన్లు, సెకనుకు 17 క్యారెక్టర్లు దాటొద్దు అని. లైన్ లిమిట్ మంచిదే, ఫోన్ల చూసేటోళ్లకు అంతకన్న పొడుగైతే చిరాకే. అసలు పంచాయితీ అంతా ఆ 17 తోనే.

ఎందుకంటే నేను వాడే సాఫ్ట్‌వేర్ అక్షరాలు లెక్కపెట్టదు, యూనికోడ్ గుర్తులు లెక్కపెడ్తది. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం, దానికి మాత్రం ఆరు, ఒత్తులకు, గుడికి, మధ్యల పొల్లుకు గూడ ఒక్కోటి వేసుకుంటది. మొన్న ఎనుమాముల మార్కెట్ వీడియోల ఓ రైతు అన్న మాట చూడుండ్రి: 'పొద్దుగాల వచ్చి కూసున్నం, ఇంకా కాంటా వెయ్యలే'. ఖాళీలు, కామా కలుపుకొని సాఫ్ట్‌వేర్ లెక్క 44, ఆయన రెండు సెకన్లల అనేశిండు, అంటే సెకనుకు 22, ఎర్ర రంగు వచ్చింది. అదే కంటికి కనిపించే అక్షరాలు లెక్కేస్తే 16, ఖాళీలు కామాతోని 22, అంటే సెకనుకు 11. మా అమ్మకు చూపిస్తే ఆగకుండ చదివేసింది!

17 కి దించాలంటే ఆ సబ్‌టైటిల్ 2.6 సెకన్లు ఉండాలె. మాట అయిపోయినంక నిశ్శబ్దం ఉంటే ఆ 0.6 ని వెనక సాగదీస్త, ఎవ్వరికి ఇబ్బంది లేదు. కానీ ఇక్కడ పక్కనున్న హమాలీ వెంటనే అందుకున్నడు, సాగదీస్తే రైతు మాట హమాలీ మొఖం మీద పడ్తది, అది ఎర్ర రంగు కన్న పెద్ద తప్పు. 'ఇంకా' తీసేద్దామంటే రైతు బాధంతా ఆ ముక్కలనే ఉన్నది. అందుకే మాట ముట్టలేదు, కామా కాడ రెండు లైన్లు చేసి, ఎర్రగున్నా వదిలేసి, క్లయింట్‌కు ఆ రెండు లెక్కలు రాసి పంపిన, ఒప్పుకున్నరు.

ఇప్పుడు నా సొంత లిమిట్ కంటికి కనిపించే లెక్కన సెకనుకు 12, అది దాటితేనే పదాలు కోస్త. ముందుగాల 'గదా', 'అన్నట్టు', 'సారూ' లాంటియి పోతయి, అంకెలు, రేట్లు మాత్రం అస్సలు తియ్య.

సింక్‌ల ఇంకో చిక్కున్నది, ఇది తెలుగుల ఎక్కువ. మన క్రియ ఆఖరుకు వస్తది గద, రైతు మధ్యల జర ఆగి 'మరి రేటు... పడిపోయింది' అంటే మొత్తం ఒక్క సబ్‌టైటిల్‌ల పెడితే చూసేటోడు ఆయన 'పడిపోయింది' అనక ముందే సంగతి చదివేస్తడు. అందుకని ఆగిన కాడ రెండు సబ్‌టైటిల్స్ చేస్త, రెండోది మాట మొదలైన ఫ్రేంలనే వస్తది. చిన్న ముక్క అయినా గాని సెకనుల ఆరింట ఐదొంతులు కన్న తక్కువ ఉంచొద్దు, నెట్‌ఫ్లిక్స్ గైడ్‌ల గూడ అంతే ఉంటది, తక్కువైతే మెరుపులెక్క పోతది. ఈ రూల్ మీద నాకే కంప్లైంట్ లేదు.