మూసి ఉన్న ప్యానెల్‌కు ఫ్యానా, ఏసీనా?

మిర్యాలగూడ రైస్ మిల్లులో మోటార్లను నడిపే ఒక కరెంటు ప్యానెల్ తీసుకుందాం. వెడల్పు 800, ఎత్తు 2000, లోతు 600 మిల్లీమీటర్లు. పెయింట్ వేసిన ఉక్కు రేకు, వెనుక వైపు గోడకు ఆనించి పెట్టారు. లోపల మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లు మూడు: ఒకటి 15 కిలోవాట్లది, రెండు 7.5 కిలోవాట్లవి. మే నెలలో మిల్లు లోపల 43 డిగ్రీలు ఉంటుందనుకుందాం.

ముందు వేడి లెక్క. డ్రైవ్ తన రేటింగ్‌లో సుమారు 3 శాతం వేడిగా వదులుతుంది. మొత్తం 30 కిలోవాట్లకు 900 వాట్లు. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్, 24 వోల్టుల సప్లై, పీఎల్‌సీ, కాంటాక్టర్లు కలిపి మరో 100 వేసుకుంటే 1000 వాట్లు. డ్రైవ్ కేటలాగ్‌లో నష్టం అంకె ఉంటే 3 శాతం వదిలేసి దాన్నే వాడాలి.

ఇందులో కొంత రేకు గుండా బయటికి పోతుంది. గోడకు ఆనిన ప్యానెల్‌కు లెక్కలోకి వచ్చే వైశాల్యం:

```
A = 1.4 × W × (H + D) + 1.8 × D × H
  = 1.4 × 0.8 × 2.6 + 1.8 × 0.6 × 2.0
  ≈ 5.07 m²
k × A = 5.5 × 5.07 ≈ 27.9 W/K
```

ఇక్కడ k అంటే ఒక చదరపు మీటరు ఉక్కు రేకు ఒక్కో డిగ్రీ తేడాకు దాటించే వాట్లు. అంటే లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు దాదాపు 28 వాట్లు రేకు దాటతాయి. ఏమీ పెట్టకుండా మూసేస్తే 1000 వాట్లు బయటపడాలంటే 36 డిగ్రీల తేడా కావాలి. 43కి అది కలిపితే 79. డ్రైవ్‌లు అక్కడిదాకా రాకముందే ట్రిప్ అవుతాయి.

ఇప్పుడు ఫ్యాన్. లోపలి గాలిని బయటి గాలి కన్నా చల్లగా చేయడం ఫ్యాన్ వల్ల కాదు. కాబట్టి లోపల ఎంతవరకు ఒప్పుకుంటామో అదే తేల్చాలి. చాలా డ్రైవ్‌లకు పూర్తి రేటింగ్ 40 డిగ్రీల వరకే. ఆపైన డిగ్రీకి 1 శాతం చొప్పున తగ్గించుకుంటూ 50 దాకా వాడుకోవచ్చు. 40 దాటకూడదంటే ఫ్యాన్ మాట ఇక్కడితో ముగిసింది. మోటారు లోడ్‌లో 10 శాతం వెసులుబాటు ఉండి 50 ఒప్పుకుంటే తేడా 7 డిగ్రీలు. రేకు 195 వాట్లు తీసుకుంటుంది, మిగతా 805 గాలి మోయాలి. అందుకు గంటకు కావాల్సిన గాలి V, ఇందులో 3.1 గాలి వేడిని మోసే గుణకం:

```
V = 3.1 × 805 / 7 ≈ 356 m³/h
```

ఇది ఫిల్టర్, అవుట్‌లెట్ గ్రిల్ రెండూ బిగించాక రావాల్సిన గాలి. డబ్బా మీద పెద్దగా రాసే ఖాళీ గాలి అంకెను చూసి కొంటే తక్కువ పడుతుంది. ఫ్యాన్‌ను కింద పెట్టి గాలిని లోపలికి తోయించాలి, పైన వదలాలి. పైన ఎగ్జాస్ట్ పెడితే లోపల పీడనం తగ్గి, ప్రతి గ్లాండ్ సందు నుంచీ ఫిల్టర్ కాని దుమ్ము లోపలికి వస్తుంది.

మిల్లులో అసలు చిక్కు తవుడు దుమ్ము. అది మెత్తగా, కాస్త జిడ్డుగా ఉండి ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది. లోపలి, బయటి తేడా 7 నుంచి 10కి పెరిగిందంటే గాలి 223కి పడిపోయిందని అర్థం. మూడో వంతుకు పైగా పోయినట్టే. ఈ కొలత పైకప్పు దగ్గర కాదు, డ్రైవ్ గాలి పీల్చే చోట తీసుకోవాలి.

ఏసీ విషయంలో లెక్క తిరగబడుతుంది. లోపల 35, బయట 43 అంటే రేకు గుండా వేడి లోపలికి వస్తుంది: 8 డిగ్రీలకు 223 వాట్లు. మొత్తం 1223, ఇరవై శాతం కలిపితే సుమారు 1470 వాట్లు. ప్లేట్ మీద ఉండే `L35 L35` అంకె లోపల 35, బయట కూడా 35 ఉన్నప్పటిది. 43కి కొనేవాళ్లు `L35 L50` అంకె చూడాలి. అది 1470కి తగ్గకుండా ఉంటే నిశ్చింత. కరెంటు ఖర్చు మాత్రం ఉంది: పూర్తి లోడ్‌లో రోజంతా నడిస్తే పది యూనిట్లకు పైనే, ఫ్యాన్‌కు ఒక యూనిట్ చుట్టుపక్కల.

ఈ మిల్లుకు నా ఓటు ఏసీకే. అదే ప్యానెల్‌ను దుమ్ము రాని, వేసవిలో 38 దాటని వేరే గదిలోకి మార్చగలిగి, లోపల 50 ఒప్పుకుంటే ఫ్యానే మేలు. అప్పుడు తేడా 12 డిగ్రీలు, 172 m³/h చాలు.

ఏసీ పెట్టాక జరిగే పెద్ద తప్పు సెట్టింగ్‌ను 22కి దింపడం. జూలైలో 30 డిగ్రీలు, 85 శాతం తేమ ఉంటే మంచు బిందువు 27 దగ్గర ఉంటుంది. తలుపు తీయగానే చల్లటి బస్‌బార్ల మీద నీరు పడుతుంది. 35 దగ్గరే ఉంచి, తలుపు తీస్తే ఏసీ ఆగేలా డోర్ స్విచ్ పెట్టాలి. చల్లగాలి డ్రైవ్ మీద సూటిగా పడకూడదు. డ్రైవ్ ఫ్యాన్ పైకి ఊదే గాలికి ఎదురు రాకూడదు. డ్రెయిన్ పైపులో కొత్తలో కొంచెం నీరు వచ్చి ఆగిపోవాలి. వారం తర్వాత కూడా చుక్కలు ఆగలేదంటే తేమ గాలి ఎక్కడో లోపలికి వస్తోంది: వాడని గ్లాండ్ రంధ్రాలు, అడుగున కేబుల్ ప్లేట్, తలుపు రబ్బరు, ఈ వరసలో చూడండి.