డాలరు 85 రూపాయలా, 20 రూపాయలా? ఏ లెక్క ఎక్కడ మేలు

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు 2025 వేసవిలో ఫోన్ చేశాడు. కూకట్‌పల్లిలో ఫ్లాట్ బుక్ చేసుకున్నాడు, డబ్బు అక్కడి నుంచి పంపాలి. "అన్నయ్యా, పీపీపీ, అంటే కొనుగోలు శక్తి లెక్కలో డాలరు విలువ ఇరవై రూపాయలేనట. బ్యాంకులో ఎనభై అయిదు ఇస్తున్నారు. అంటే డాలరు ఎప్పుడైనా పడిపోవచ్చు కదా, ఉన్నదంతా ఇప్పుడే పంపేయనా?" అని అడిగాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఆ రెండు అంకెలూ అప్పటికి నిజమే. వాటి నుంచి అతను తీసిన అర్థమే తప్పు. అది ఎందుకు తప్పో చెప్పడానికి ఒక సంచీ సరుకులతో మొదలుపెట్టాను.

లెక్క తేలిగ్గా ఉండాలని ధరలు గుండ్రంగా వేసుకున్నాం. అయిదు కిలోల సోనా మసూరి ఇక్కడ 300 రూపాయలు, అక్కడ 10 డాలర్లు. అయిదు లీటర్ల పాలు 350, అక్కడ 5. డజను గుడ్లు 80, అక్కడ 4. ఒకసారి కటింగ్ 150, అక్కడ 25. అయిదు కిలోమీటర్ల క్యాబ్ 120, అక్కడ 16. మొత్తం కూడితే ఇక్కడ వెయ్యి రూపాయలు, అక్కడ 60 డాలర్లు. వెయ్యిని అరవైతో భాగిస్తే డాలరుకి దాదాపు 17 రూపాయలు. పీపీపీ అంటే ఇదే: ఒకే సంచీ నింపడానికి రెండు చోట్లా ఎంతెంత కావాలో చూసి తీసే మారకం రేటు. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో జరిగే ధరల పోలికలో ఈ సంచీ చాలా పెద్దది, వైద్యం, చదువు, నిర్మాణం కూడా అందులోకి వస్తాయి. 2017 లెక్కలో మన దేశానికి వచ్చిన రేటు 20.65.

ఇప్పుడు ఆ సంచీనే విడదీసి చూడండి. బియ్యం, పాలు, గుడ్లు మాత్రమే తీసుకుంటే డాలరుకి 38 రూపాయలు వస్తుంది. కటింగ్, క్యాబ్ మాత్రమే తీసుకుంటే ఏడు రూపాయలు కూడా రాదు. ఒక కంపెనీ ఫోన్ ఇక్కడ 80 వేలు, అక్కడ 800 డాలర్లు అనుకుంటే, ఆ ఒక్క వస్తువు మీద రేటు వంద! ఫోన్‌ని మొత్తం ధరతో సంచీలో వేస్తే మిగతావన్నీ దాని కింద నలిగిపోతాయి, రేటు 94 అవుతుంది. కానీ ఫోన్ నెలనెలా కొనం కదా. నలభై నెలలు వాడతామనుకుని నెల వాటాగా 2,000 రూపాయలు, 20 డాలర్లు వేస్తే రేటు 37.5కి దిగుతుంది. కాబట్టి సంచీలో ఏముంది అన్నదానితో పాటు, ఏది ఎంత బరువు అన్నది కూడా జవాబును మార్చేస్తుంది.

తమ్ముడి పొరపాటుకు మూలం కటింగ్ ధరలో ఉంది. బియ్యం ఇక్కడ చవక, అక్కడ ఖరీదు అయితే వ్యాపారి ఓడలో పంపి లాభం చేసుకుంటాడు. రవాణా, సుంకం ఖర్చులు అడ్డుపడేంత వరకు తేడా తగ్గుతూ వస్తుంది. కటింగ్ కోసం మాత్రం డాలస్ నుంచి ఎవరూ అమీర్‌పేట రారు. అమెరికాలో ఫ్యాక్టరీల్లో, టెక్ కంపెనీల్లో ఒక్కో మనిషి చేసే పని విలువ ఎక్కువ, అందుకే జీతాలు ఎక్కువ. అక్కడ క్షురకుడికి కూడా దానికి తగ్గట్టు ఇవ్వకపోతే అతను వేరే పని చూసుకుంటాడు. బలాస్సా, శామ్యూల్‌సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1964లో వివరించింది ఇదే. 20కి, 85కి మధ్య ఉన్న దూరం మార్కెట్ చేసిన తప్పు కాదు. రెండు దేశాల జీతాల తేడా అందులో కనబడుతోంది, అంతే. చరిత్ర కూడా అదే చెబుతుంది. 2011లో పీపీపీ రేటు 15.55, మార్కెట్ రేటు 46.67. 2017లో 20.65, 65.12. రెండుసార్లూ మార్కెట్ రేటు దాదాపు మూడు రెట్లే. ఆరేళ్లలో ఆ దూరం పూడలేదు.

ఆ అంకెల్లోనే పీపీపీకి ఉన్న అసలు బలం కూడా ఉంది. ఆరేళ్లలో సంచీ రేటు 33 శాతం పెరిగితే, మార్కెట్ రేటు 40 శాతం పెరిగింది. మన ధరలు అమెరికా ధరల కన్నా వేగంగా పెరిగిన మేరకు రూపాయి పలచబడింది. పదేళ్లు ముందుకు చూసేవాళ్లకు ఇది పనికొచ్చే సూచన. కానీ పది వారాలకు?

2013 వేసవినే తీసుకోండి. మే 22న డాలరు 55 రూపాయల పైచిలుకు ఉంది. ఆ రోజు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు బెర్నాంకీ, బాండ్ల కొనుగోళ్లు తగ్గించే అవకాశం ఉందని చెప్పారు. అక్కడ వడ్డీ పెరుగుతుందని విదేశీ ఫండ్లు మన బాండ్లు అమ్మి డాలర్లు పట్టుకుపోయాయి. దిగుమతుల లాంటివాటికి బయటికి పోయేది, ఎగుమతుల లాంటివాటితో వచ్చేదాన్ని మించితే అది కరెంట్ ఖాతా లోటు. అప్పటికే మనకు అది జీడీపీలో 4.8 శాతం, అంటే రోజూ బయటి డాలర్లు వస్తేనే బండి నడిచే పరిస్థితి. ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటింది. సంచీ ఏం చెప్పేది? మన ద్రవ్యోల్బణం ఏడాదికి పది శాతం, వాళ్లది రెండు లోపు అనుకుంటే తేడా ఎనిమిది. మూడు నెలలకు రెండు శాతం. అంటే రేటు 56, 57 దగ్గర ఉండాలి. తర్వాత రిజర్వ్ బ్యాంకు, ఎన్నారై డిపాజిట్లుగా వచ్చిన డాలర్లను బ్యాంకుల నుంచి తీసుకుని ముందే ఖాయం చేసిన రేటుకు తిరిగి ఇచ్చే ప్రత్యేక స్వాప్ సదుపాయం ఇచ్చింది, డాలర్లు వచ్చాయి, అక్టోబరుకి రేటు 61, 62కి దిగింది. ఇంతలో గుడ్ల ధర, కటింగ్ ధర డాలరుతో పాటు ఎక్కి దిగనే లేదు.

కారణం వేగంలో ఉంది. కటింగ్ షాపులో బోర్డు మీద ధర ఏడాదికోసారి మారుతుంది. డాలరు ధర నిమిషానికోసారి మారుతుంది, పైగా దాన్ని మార్చేవాళ్లు సరుకులు కొనేవాళ్లు కారు, వడ్డీనీ భయాన్నీ చూసి డబ్బు కదిపేవాళ్లు. 2022లో ప్రపంచ కరెన్సీ మార్కెట్లలో రోజుకు దాదాపు 7.5 లక్షల కోట్ల డాలర్లు చేతులు మారాయి. దేశాల ఏడాది ఎగుమతులన్నీ కలిపినా అది నాలుగైదు రోజుల పని. ఇక దారి తప్పిన రేటు తిరిగి సంచీ వైపు రావడానికి పట్టే సమయం చూడండి: ఆ తేడాలో సగం తగ్గడానికే మూడు నుంచి అయిదేళ్లు పడుతుందని ఆర్థికవేత్త కెన్నెత్ రోగాఫ్ 1996లో రాశాడు. ఒక్కోసారి దిక్కు కూడా తప్పుతుంది. 2017లో మన ధరలే అమెరికా కన్నా వేగంగా పెరిగాయి, అయినా డాలరు 68 నుంచి 64కి దిగింది.

అందుకే ఏది మేలు అంటే, ప్రశ్నను బట్టి చెప్పాలి. ఫీజు కట్టడానికి, ఫ్లాట్‌కి డబ్బు పంపడానికి మార్కెట్ రేటు తప్ప ఇంకోటి లేదు. జీతాలు పోల్చడానికి మాత్రం రెండూ కావాలి, ఈ విషయంలో చాలామంది ఒక్కదానితోనే సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. పన్నులు పోగా 75 వేల డాలర్లు చేతికి వస్తాయి, 55 వేలు అక్కడే ఖర్చవుతాయి, 20 వేలు మిగులుతాయి అనుకుందాం. ఖర్చయ్యేదాన్ని సంచీ రేటుతో గుణించండి: 20 చొప్పున 11 లక్షలు. ఇంటికి వచ్చేదాన్ని మార్కెట్ రేటుతో: 85 చొప్పున 17 లక్షలు. మొత్తం 28 లక్షలు. మొత్తాన్నీ 85తో గుణిస్తే వచ్చే 64 లక్షలకీ, 20తో గుణిస్తే వచ్చే 15 లక్షలకీ ఇది చాలా దూరం.

తమ్ముడు బిల్డర్ ఇచ్చిన వాయిదాల కాగితం ముందేసుకున్నాడు. ఒక్కో స్లాబ్ గడువుకు వారం ముందు ఆ వాయిదా మేరకే పంపుతానన్నాడు. మొదటిది పునాదికి, ఒక శుక్రవారం వచ్చింది.