జాగ్రత్త: బిల్లులో 60, సంచిలో 40. వైజాగ్‌లో ఫోన్ చేసి మందులు తెప్పించుకునేవాళ్ళు ఇది చూడండి

అమ్మానాన్నలు ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఉంటారు, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. పిల్లలు డాక్టర్ చీటీని వాట్సాప్‌లో మందుల షాపుకి పంపి, డబ్బు ఫోన్‌పేలో కొడతారు. కుర్రాడు సంచి ఇంట్లో ఇచ్చి వెళ్తాడు, బిల్లు ఫొటో పిల్లలకి వస్తుంది. బిల్లు చూసినవాళ్ళు షీట్లు చూడరు. షీట్లు అందుకున్నవాళ్ళు బిల్లు చదవరు. తప్పు దొర్లేది సరిగ్గా ఈ మధ్యలోనే. ఇలా వచ్చిన ఒక నెల మందుల సంచిలో రెండు తప్పులు బయటపడ్డాయి. ఆ బిల్లునే వరసగా చదువుదాం. ధరలు మాత్రం లెక్క తేలిగ్గా అర్థమయ్యేలా సులువైన అంకెల్లోకి మార్చాం.

చీటీలో నాలుగు మందులున్నాయి. బీపీకి టెల్మిసార్టాన్ 40, పొద్దున ఒకటి. షుగరుకి గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర, రెండు పూటలా. ఆస్పిరిన్ 75, రోజుకొకటి. పాంటొప్రజోల్ 40, పదిహేను రోజులు. బిల్లులో వరసగా 30, 60, 28, 15 అని ఉంది. మొత్తం 944 రూపాయలు, పది శాతం తగ్గింపు పోగా 849.60, అంటే 850. కాగితం మీద అంతా బాగానే ఉంది.

ముందు ఫొటో సంగతి. మందుల బిల్లుకి అడ్డంగా చాలా గడులుంటాయి: మందు పేరు, ప్యాక్, బ్యాచ్, ఎక్స్‌పైరీ, క్వాంటిటీ, ఎంఆర్‌పీ, చివర్న అమౌంట్. ఫొటో తీసేటప్పుడు ఎక్కువగా తెగిపోయేది కుడి అంచు, అంటే డబ్బు ఉండే గడి. తర్వాత తెగేది అడుగు భాగం, అంటే మొత్తం, తగ్గింపు ఉండే చోటు. నాలుగు మూలలూ కనపడని ఫొటో పనికిరాదు, మళ్ళీ తీయించండి. మడత మీద పడిన అంకెలు 6, 8 ఒకేలా కనిపిస్తాయి. ఈ బిల్లులోనూ షుగరు మాత్రల దగ్గర 60 ఉందో 80 ఉందో తెలియలేదు. అలాంటప్పుడు ఊహించక్కర్లేదు, లెక్కే చెబుతుంది. పదిహేను మాత్రల షీటు ఎంఆర్‌పీ 150 అంటే మాత్ర పది రూపాయలు. ఆ వరస చివర అమౌంటు 600 ఉంది. కాబట్టి అది 60.

క్వాంటిటీ గడిని అన్ని షాపుల సాఫ్ట్‌వేరూ ఒకేలా రాయదు. కొన్నింటిలో 60 అంటే అరవై మాత్రలు. కొన్నింటిలో 4 అంటే నాలుగు షీట్లు. ఇంకొన్నింటిలో 2:2 అని రెండు చుక్కలతో ఉంటుంది, అంటే రెండు షీట్లు, విడిగా రెండు మాత్రలు. మీ బిల్లు ఏ పద్ధతో తెలుసుకోవాలంటే అమౌంటుని క్వాంటిటీతో భాగించండి. షీటు ఎంఆర్‌పీ వస్తే అది షీట్ల లెక్క, ఒక్క మాత్ర ధర వస్తే మాత్రల లెక్క. తగ్గింపుని వరసలోనే కోసే షాపులూ ఉన్నాయి. అక్కడ కాస్త తక్కువ వస్తుంది గానీ, షీటుకీ మాత్రకీ మధ్య తేడా చాలా పెద్దది కాబట్టి పొరబడే పని లేదు.

ఇప్పుడు సంచి తెరుద్దాం. షుగరు మాత్రల షీట్లు నాలుగు ఉన్నాయి. బిల్లులో ప్యాక్ 15, క్వాంటిటీ 60, అంటే నాలుగు షీట్లే. ఇంట్లోవాళ్ళు నాలుగూ లెక్కపెట్టి సరిపోయాయనుకున్నారు. కానీ షీటులో గుంటలు రెండు వరసల్లో ఐదేసి మాత్రమే ఉన్నాయి. అంటే పది మాత్రల షీటు. నాలుగు పదులు నలభై. 600 బిల్లుకి 400 సరుకు వచ్చింది. పది శాతం తగ్గింపు తీసేసినా పోయింది 180 రూపాయలు. అంతకన్నా ముఖ్యం, రోజుకి రెండు వేసుకునేవాళ్ళకి ఇరవై మాత్రలు తగ్గాయంటే పది రోజుల మందు లేనట్టే. ముప్పై రోజులకని తెచ్చుకున్నది ఇరవయ్యో రోజుకే అయిపోతుంది. అప్పుడు వెళ్ళి అడిగితే ఖాళీ షీట్లు చూపించి ఏం నిరూపిస్తారు?

ఇది ప్రతిసారీ మోసమే అనలేం. ఒకే మందు పది మాత్రల షీటుగానూ, పదిహేను మాత్రల షీటుగానూ దొరుకుతుంది. కంపెనీ ప్యాక్ మార్చినప్పుడు కొన్నాళ్ళు పాతవీ కొత్తవీ ఒకే అరలో ఉంటాయి. బిల్లు కొట్టే మనిషి కంప్యూటర్‌లో పదిహేనుది ఎంచుకుంటాడు, అర దగ్గర సరుకు తీసే కుర్రాడు చేతికి పదిది వస్తుంది. కేజీహెచ్ ఎదుట సాయంత్రం రద్దీలో ఇది ఎంత సులువుగా జరుగుతుందో చెప్పక్కర్లేదు. పొరపాటైనా కావాలని చేసినా కొన్నవాళ్ళకి నష్టం ఒకటే, పట్టుకునే పద్ధతీ ఒకటే: షీట్లు కాదు, మాత్రలు లెక్కపెట్టాలి.

రెండో ఆనవాలు బ్యాచ్ నంబరు. ఇది షీటు వెనక రేకు మీదో, ఒక చివర అంచు మీదో ఎక్స్‌పైరీ, ఎంఆర్‌పీ పక్కనే ఉంటుంది. బిల్లులోని బ్యాచ్, షీటు మీది బ్యాచ్ అక్షరం అక్షరం కలవాలి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఐదుకీ ఎస్‌కీ ఫొటోలో తేడా తెలియకపోతే మిగతా అంకెలు చూడండి. ఈ సంచిలోని నాలుగు షీట్ల బ్యాచ్ బిల్లుతో అసలు కలవలేదు. ఎంఆర్‌పీ కూడా 150 బదులు 100 ఉంది. ఒకే మందు రెండు బ్యాచ్‌ల నుంచి ఇచ్చినప్పుడు పద్ధతిగా బిల్లు కొట్టే షాపు రెండు వరసలు వేస్తుంది. వరస ఒక్కటే ఉండి సంచిలో రెండు బ్యాచ్‌లుంటే అడగాల్సిందే. నాణ్యత పరీక్షలో తప్పిన మందుల జాబితాలు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ బ్యాచ్ నంబర్లతోనే బయటపెడుతుంది. మీ బిల్లులో వేరే బ్యాచ్ ఉంటే, ఆ జాబితాలో మీ షీటు కనపడినా ఈ షాపులోనే కొన్నానని చూపించలేరు.

ఎంఆర్‌పీ ఒక్కటే తేడా ఉండి బ్యాచ్, మాత్రల లెక్క కలిస్తే కంగారు పడకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర అచ్చయిన సరుకుని తగ్గిన ధరకి బిల్లు చేసి ఉండొచ్చు. షీటు మీదున్న దానికన్నా బిల్లులో ఎక్కువ ఉంటేనే గొడవ.

డబ్బు తప్పు కన్నా ప్రమాదమైనది టెల్మిసార్టాన్ దగ్గర దొరికింది. రెండు షీట్లూ పదిహేనేసి, మొత్తం ముప్పై, లెక్క సరిపోయింది. కానీ ఒక షీటు మీద పేరు చివర హెచ్ ఉంది. అది ఉత్త టెల్మిసార్టాన్ కాదు, ఒంట్లో నీటినీ ఉప్పునీ మూత్రంలో బయటికి పంపే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. వాడినవాళ్ళకి మొదటి పదిహేను రోజులు ఒక మందు, తర్వాతి పదిహేను రోజులు ఇంకో మందు అయ్యేది. మూత్రం ఎక్కువ కావడం, కళ్ళు తిరగడం, సోడియం పడిపోవడం లాంటివి పెద్దవాళ్ళలో వస్తే వయసు మీద వేసేస్తాం, షీటుని అనుమానించం.

ఇక్కడ బిల్లుని నమ్ముకున్నా లాభం లేదు, కారణం ఉంది. పేరు గడి ఇరుకుగా ఉండే బిల్లుల్లో పొడుగు పేర్ల తోక తెగిపోతుంది. తెగేది ఎప్పుడూ చివరి అక్షరాలే. మందుని వేరు చేసేవీ ఆ చివరి అక్షరాలే: హెచ్, ఏఎం, ఎస్ఆర్, డి, లేదా 1, 2 అన్న అంకె. ఏఎం ఉంటే ఆమ్లోడిపిన్ కలిసినట్టు. ఎస్ఆర్ అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. షుగరు మాత్ర పేరు చివర 1 బదులు 2 ఉంటే గ్లిమెపిరైడ్ రెట్టింపు అవుతుంది, షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. కాబట్టి పెద్ద అక్షరాల పేరుని బిల్లుతో పోల్చి ఆగిపోకండి. దాని కిందో వెనకో చిన్న అక్షరాల్లో ప్రతి మాత్రలో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. దాన్ని డాక్టర్ చీటీతో పోల్చండి. ప్రతి షీటుకీ చూడాలి, పైనున్న ఒక్క షీటుకి కాదు. రబ్బరు బ్యాండు వేసి ఇచ్చిన కట్టలో తేడా షీటు లోపలే ఉంటుంది.

ఆస్పిరిన్‌లో తప్పు లేదు గానీ ఒక విషయముంది. ఇక్కడ వచ్చింది పద్నాలుగు మాత్రల షీటు. రెండు షీట్లు 28, బిల్లులోనూ 28. చీటీ ముప్పై రోజులకి. రెండు రోజులు తక్కువ. గుండెకి స్టెంటు వేసినవాళ్ళు దీన్ని సొంతంగా మధ్యలో ఆపకూడదు, అందుకే మరో రెండు అప్పుడే అడిగి తీసుకోవాలి. అలా కత్తిరించి ఇచ్చిన ముక్క మీద చాలాసార్లు బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉండవు. అప్పుడు ఆ రెండు మాత్రలకి మీ దగ్గరున్న ఆధారం బిల్లు ఒక్కటే, కాబట్టి అందులో రాయించుకోండి. కత్తిరింపు గుంట మీదుగా పోయి రేకు చిరిగిన ముక్క తీసుకోకండి, మన సముద్రపు తేమకి మాత్ర మెత్తబడుతుంది.

మరి పట్టుకున్నాక ఏం చేయాలి? ఒక్క మాత్ర కూడా చించకముందే షీట్లన్నీ బ్యాచ్ వైపు పైకి పెట్టి, పక్కన బిల్లు పరిచి ఒకే ఫొటో తీయండి. తెరిచిన షీటుని చాలా షాపులు వెనక్కి తీసుకోవు. షాపుకి ఫోన్‌లో గొడవ పడడం కన్నా రాసి పంపడం మేలు. ఇలా రాయొచ్చు: "అండీ, ఈ రోజు బిల్లు నంబరు ఫలానా. రెండో వరసలో ప్యాక్ 15, క్వాంటిటీ 60 ఉంది. వచ్చినవి పది మాత్రల షీట్లు నాలుగు, మొత్తం 40. బ్యాచ్ కూడా వేరు, ఫొటో పెట్టాను. ఒకటో వరసలో ఒక షీటు హెచ్ వచ్చింది, చీటీలో హెచ్ లేదు. రెండూ మార్చి సరిచేసిన బిల్లు పంపండి."

"రెండూ ఒకటేనండీ, వేసుకోవచ్చు" అంటే ఒప్పుకోకండి. చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల విషయంలో, రాసిన దానికి బదులు ఇంకోటి ఇవ్వకూడదని 1945 డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నిబంధన చెబుతోంది. షాపు పట్టించుకోకపోతే డబ్బు సంగతికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తప్పు మందు ఇచ్చిన సంగతి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకి రాయాలి. రెండు చోట్లా అసలు బిల్లు కావాలి. డ్రగ్ లైసెన్సు నంబరు, 37తో మొదలయ్యే మన రాష్ట్రపు జీఎస్టీ నంబరు, బ్యాచ్ గడి ఉన్నాయో లేదో చూసుకోండి. పైన "ఎస్టిమేట్" అని ఉండి బ్యాచ్ లేని చీటీ ఇస్తే అది బిల్లు కాదు, డబ్బు కొట్టేముందే అసలుది అడగండి. వేడి మీద అచ్చయ్యే ఆ నున్నటి కాగితం ఎండకి వెలిసిపోతుంది, వచ్చిన రోజే ఫొటో తీసి ఉంచాలి.

తక్కువైన ఇరవై మాత్రలు పంపేసి బిల్లు అలాగే ఉంచేస్తామంటే సరేననకండి. వచ్చిన నలభై బ్యాచ్ బిల్లులో ఇంకా లేదు. ఆ వరస తీయించి, చేతిలో ఉన్న షీట్ల బ్యాచ్, ప్యాక్, ధరతో మళ్ళీ కొట్టించుకోండి.