ఆన్‌లైన్ బట్ట అసలు రంగు: వీడియో కాల్ మేలా, నోటు పక్కన ఫోటో మేలా, ముక్క తెప్పించుకోవడం మేలా?

ఫోన్‌లో మెరూన్‌గా కనిపించిన చీర పార్సిల్ విప్పితే వంకాయ రంగులో ఉంది, వీడియో కాల్ చేయించుకుని కొంటే ఈ బాధ ఉండదా అని పెళ్ళిళ్ళ సీజన్ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చాలామంది నమ్ముకునేది వీడియో కాల్‌నే. అమ్మేవాళ్ళు కూడా "కాల్‌లో చూపిస్తాం మేడమ్, చూసుకుని తీసుకోండి" అనే అంటారు. రంగు వరకే అడిగితే మాత్రం నేను వీడియో కాల్ కంటే నీడలో తీసిన ఒక్క మామూలు ఫోటోనే ఎక్కువ నమ్ముతాను, అయితే అందులో బట్ట పక్కన ఒక తెల్ల కాగితం, ఒక కరెన్సీ నోటు ఉండాలి. ఎందుకో చెప్పాలంటే ముందు రంగు ఎక్కడ మారుతుందో చూడాలి.

అమ్మేవాళ్ళు కావాలని రంగు మార్చే సందర్భాలు ఉంటాయి, కానీ ఏ ఎడిటింగూ చేయని ఫోటోలో కూడా రంగు మారుతుంది. పసుపు బల్బు కింద తెల్ల చొక్కా చూసినా మన కంటికి తెల్లగానే అనిపిస్తుంది, ఎందుకంటే గదిలో వెలుతురు ఎలా ఉందో మెదడు లెక్క వేసుకుంటుంది. కెమెరా కూడా అదే పని చేయాలని చూస్తుంది, దాన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు. కానీ దానికి కనిపించేది ఫ్రేములో ఉన్నదే. ఫ్రేమంతా మామిడిపండు రంగు పట్టే నిండిపోతే, ఆ పసుపు గుడ్డదా బల్బుదా అన్నది కెమెరాకు తెలియదు. బల్బుదే అనుకుందంటే పసుపు తగ్గించి నీలం వైపు లాగుతుంది, నిండుగా ఉండాల్సిన రంగు వెలిసినట్టు వస్తుంది. వెలుతురు విషయంలోనూ ఇంతే. ఫ్రేమంతా ముదురు బాటిల్ గ్రీన్ ఉంటే చీకటిగా ఉందనుకుని పెంచేస్తుంది, అందుకే ఫోటోలో చక్కటి ఆకుపచ్చ, చేతికి వచ్చేసరికి దాదాపు నలుపు. ఇంట్లో కట్టుకుని తీసిన ఫోటో కంటే, చీరను దగ్గరగా పెట్టి డిజైన్ చూపించే క్లోజప్‌లోనే రంగు ఎక్కువ తప్పుతుందంటే కారణం ఇదే.

ఆ పైన మీ స్క్రీన్ ఉంటుంది. శామ్‌సంగ్ ఫోన్లలో Settings లో Display లోకి వెళ్తే Screen mode దగ్గర Vivid, Natural అని రెండు ఉంటాయి. Vivid లో ఎరుపులు, ఆకుపచ్చలు ఉన్నవాటికంటే ఘాటుగా కనిపిస్తాయి. ఐఫోన్‌లో True Tone, Night Shift రెండూ స్క్రీన్‌ను పసుపు వైపు తిప్పగలవు. రాత్రి పడుకునే ముందు బట్టలు చూసేవాళ్ళకు చాలాసార్లు ఇదే జరుగుతుంది, కళ్ళకు హాయిగా ఉండే మోడ్ ఆన్‌లో ఉంటుంది, గంధం రంగుకీ లేత పసుపుకీ తేడా పోతుంది. రంగు చూసి కొనాలనుకున్నప్పుడు Natural పెట్టుకుని, ఆ మోడ్‌లు తీసేసి, పగటిపూట చూడండి.

ఇప్పుడు నోటు సంగతి. కెమెరా ఎటు లాగిందో, మీ స్క్రీన్ ఎటు లాగిందో విడివిడిగా కనిపెట్టడం కష్టం. రెండింటినీ ఒకేసారి పట్టుకోవాలంటే అమ్మేవాళ్ళ దగ్గరా మీ దగ్గరా ఒకే రంగులో ఉండే వస్తువు ఒకటి కావాలి. మన దేశంలో అలాంటిది ప్రతి పర్సులోనూ ఉంది. కొత్త సిరీస్‌లో రూ. 200 నోటు గట్టి పసుపు, రూ. 100 లావెండర్, రూ. 50 మెరిసే నీలం, రూ. 20 ఆకుపచ్చ కలిసిన పసుపు, రూ. 10 చాక్లెట్ గోధుమ. బట్ట రంగుకు కాస్త దగ్గరగా ఉండే నోటు ఎంచుకోండి, ఆవపిండి రంగు, మామిడిపండు రంగు అయితే 200, వంకాయ రంగు, లావెండర్ అయితే 100. "బట్ట మీద ఒక పక్క తెల్ల కాగితం, దాని పక్కనే కొత్తగా ఉన్న వంద నోటు మడిచి పెట్టి, గుమ్మం బయట నీడలో ఫోటో తీసి పంపండి, లైట్లు ఆపేయండి, ఫిల్టర్ వద్దు" అని మెసేజ్ పెడితే సరిపోతుంది. నోటు మొత్తం కనిపించక్కర్లేదు, సగం కనిపిస్తే చాలు. ఎండలో కాకుండా నీడలో ఎందుకంటే నేరుగా ఎండ పడితే పట్టు మెరిసి, ఆ మెరుపు దగ్గర రంగే ఉండదు. పొద్దున ఎండ బాగా ఎక్కాక, సాయంత్రం ఎర్ర ఎండ రాకముందు తీయమనండి.

ఫోటో వచ్చాక మీ దగ్గరున్న నోటును ఫోన్ పక్కన పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి చూడండి. ఫోటోలో నోటూ చేతిలో నోటూ ఒకేలా ఉన్నాయంటే బట్ట కూడా దాదాపు మీకు కనిపిస్తున్నట్టే ఉంటుంది. నోటు ఎర్రబడిందంటే బట్ట కూడా అంతే ఎర్రబడిందని అర్థం. నలిగి మాసిపోయిన నోటు పనికిరాదు, వాళ్ళ దగ్గరా మీ దగ్గరా కొత్త నోట్లే ఉండాలి. విదేశాల్లో ఉండి ఇక్కడి నుంచి చీరలు తెప్పించుకునేవాళ్ళు ఊరికి వచ్చి వెళ్ళేటప్పుడు వంద, రెండొందల నోటు ఒక్కొక్కటి దాచుకుంటే ఇందుకు పనికొస్తుంది.

నేను పైన చెప్పిన మెరూన్ చీర సంగతే తీసుకుందాం. షాపులో పసుపు లైట్ల కింద తీసిన ఫోటో, చూస్తే మెరూన్ అనే అంటాం. కాగితం, వంద నోటు పెట్టి అదే లైట్ల కింద మళ్ళీ తీస్తే కాగితం లేత పసుపుగా ఉంటుంది, లావెండర్ నోటు బూడిద కలిసిన గులాబీలా ఉంటుంది. అంటే ఈ ఫోటోలో నీలం తక్కువైంది. వంకాయ రంగులోంచి నీలం తీసేస్తే మిగిలేది మెరూనే. ఇక్కడే ఆగి నీడలో మరో ఫోటో అడగొచ్చు, లేదా ఉన్న ఫోటోనే సరిచేసి చూడొచ్చు. Snapseed లో ఫోటో తెరిచి White Balance లోకి వెళ్తే కంటి చుక్కల మందు గొట్టంలాంటి గుర్తు ఒకటి ఉంటుంది, దాన్ని తెల్ల కాగితం మీద పెడితే కాగితం తెల్లబడేలా ఫోటో మొత్తం జరుగుతుంది, బట్ట వంకాయ వైపు వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త, కాగితం మరీ తెల్లగా వెలిగిపోయి ఉంటే ఆ చోట సమాచారం ఏమీ మిగలదు, సరిచేయడానికి పనికిరాదు. కాగితం కొంచెం బూడిదగా కనిపించే ఫోటోయే మంచి ఫోటో. ఇంకో మాట, గది లైటు మరీ పసుపుగా ఉంటే ఈ సరిచేత కూడా పూర్తిగా కుదరదు, నీడలో తీసిందే మేలు.

ఇంత చేసినా కొన్ని రంగులు లొంగవు. రాణి పింక్, నియాన్‌కు దగ్గరగా ఉండే చిలకపచ్చ లాంటి ఘాటైన రంగుల్లో కెమెరా పట్టగలిగే హద్దు దాటిపోతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలికే, ఫోటోలో బట్ట మడతలు కనిపించకుండా ఒకే రంగు ముద్దలా ఉంటే అసలు షేడ్ ఆ ఫోటోలో లేదని అర్థం. కెమెరాలో వెలుతురు కొంచెం తగ్గించి మళ్ళీ తీయమనాలి. ఊదా రంగులు ఫోటోలో నీలంగా మారడం కూడా మామూలే, కెమెరా సెన్సర్ ఊదాను మన కన్ను చూసినట్టు చూడదు. రామా గ్రీన్ లాంటి, నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఉండే నిండు రంగుల్ని చాలా స్క్రీన్లు పూర్తిగా చూపించలేవు. వీటి విషయంలో నోటు కూడా దారి చూపుతుంది కానీ హామీ ఇవ్వదు.

మరి వీడియో కాల్ ఎందుకూ పనికిరాదా అంటే, ఒకచోట అదే మేలు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉన్న డబుల్ షేడ్ పట్టు, ఉదాహరణకు నీలం పడుగు, ఆకుపచ్చ పేకతో నేసిన నెమలి కంఠం రంగు చీర, ఒక్క ఫోటోలో ఇమడదు. ఏ కోణంలో చూస్తే ఏ పోగు ఎక్కువ మెరుస్తుందో ఆ రంగు పైకి వస్తుంది, అందుకే ఒకే చీర ఒక ఫోటోలో నీలం, ఇంకోదాంట్లో ఆకుపచ్చ. అలాంటి చీర కొనేటప్పుడు కాల్‌లో కొంగును మెల్లగా తిప్పమనండి, రంగు ఎంత మారుతుందో తెలుస్తుంది. అది తప్ప, కెమెరాను అటూ ఇటూ జరిపినకొద్దీ వైట్ బ్యాలెన్స్ మారిపోతూ ఉంటుంది, నెట్ నెమ్మదిస్తే రంగు వివరాలే ముందు తగ్గుతాయి. "ఇందాక చూసినప్పుడు ఇలా లేదే" అనిపించేది అందుకే. కాల్‌లో చూసిన రంగు గుర్తు పెట్టుకుని పార్సిల్‌తో పోల్చడం కూడా కుదరని పని, ఫోటో అయితే మీ దగ్గరే ఉంటుంది.

కొన్నవాళ్ళు రివ్యూల్లో పెట్టే ఫోటోలు చూడొచ్చు, అన్నింట్లోనూ ఒకే వైపు తేడా ఉంటే నమ్మండి. కలర్ కోడ్ చెప్పే యాప్‌లు ఫోటోలో ఉన్నదే చెబుతాయి, బట్టలో ఉన్నది కాదు.

ఇక ముక్క తెప్పించుకోవడం. చీరకు జాకెట్టు గుడ్డ, లంగాకు ఓణీ ఇలా ఒకదానికి ఇంకోటి కలపాల్సి వస్తే ఫోటో, నోటు, కాల్ ఏవీ చాలవు, ముక్కే కావాలి. రెండు బట్టలకూ అద్దకానికి వాడిన రంగు మందులు వేర్వేరైతే ట్యూబ్‌లైట్ కింద అచ్చంగా కలిసి, పగటి వెలుతురులో విడిపోవచ్చు. మ్యాచింగ్ సెంటర్‌లో కుర్రాడు జాకెట్టు ముక్కను చీర మీద వేసుకుని "ఒక్కసారి బయటికి తీసుకెళ్ళి చూడండి" అంటాడే, అది దీనికోసమే. కెమెరా విషయంలో ఇది ఇంకా ఎక్కువ, కంటికి ఒకటిగా ఉన్న రెండు బట్టలు ఫోటోలో వేరుగా రావచ్చు, ఫోటోలో కలిసినవి చేతిలో విడిపోవచ్చు. మీటర్ల లెక్కన గుడ్డ అమ్మేవాళ్ళను అడిగితే కొంతమంది చిన్న ముక్క కొరియర్ చేస్తారు. మగ్గం దగ్గరి నుంచి నేరుగా కొంటుంటే పడుగు పోగు ఒకటి, పేక పోగు ఒకటి కాగితానికి అంటించి పంపమనొచ్చు. ముక్క వచ్చాక ఒకసారి గుమ్మం దగ్గర, ఒకసారి మీరు ఆ బట్ట కట్టుకోబోయే లైట్ల కింద చూడండి, రాత్రి ఫంక్షన్ అయితే పసుపు లైటు కింద చూడటం తప్పనిసరి. ముక్క నచ్చి ఆర్డర్ పెట్టేటప్పుడు అదే లాట్‌లోది ఉందా అని అడగండి, మళ్ళీ అద్దిన లాట్‌లో షేడ్ కొంచెం మారడం సహజం.

పార్సిల్ వచ్చాక కత్తెర పెట్టకముందే, అమ్మేవాళ్ళు పంపిన ఫోటోలో ఉన్నట్టే నీడలో అదే నోటు, తెల్ల కాగితం పెట్టి ఫోటో తీసుకోండి. తేడా ఉంటే రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పంపండి. "రంగు వేరేగా ఉంది" అన్న మాటకు "మీ ఫోన్‌లో అలా కనిపించింది మేడమ్" అనే జవాబే వస్తుంది కానీ, రెండింట్లోనూ నోటు ఒకేలా ఉండి బట్ట మాత్రం వేరుగా ఉంటే ఆ జవాబు చెప్పడం కష్టం.