ల్యాప్‌టాప్ కొనడానికి ఏది మేలు: దసరా ధరా, నో కాస్ట్ ఈఎంఐనా, ఎక్స్ఛేంజా?

దసరా దగ్గరపడితే నల్లగొండ, మిర్యాలగూడ షాపుల్లోనూ, ఫోన్‌లో వచ్చే సేల్‌లోనూ ఒకే ల్యాప్‌టాప్‌కు నాలుగు రకాల ధరలు వినిపిస్తాయి. వాటిని పోల్చాలంటే ముందు ఒక్క అంకె తెలియాలి. ఈఎంఐ లేకుండా, పాత ల్యాప్‌టాప్ ఇవ్వకుండా, ఇవాళే మొత్తం కట్టేస్తే ఎంత పడుతుంది? కొట్టేసి చూపించే ఎమ్మార్పీని పట్టించుకోకండి. మిగతా ఆఫర్లన్నింటినీ ఈ నగదు ధర పక్కన పెట్టి చూడాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ల్యాప్‌టాప్ సేల్ ధర 54,000. ఒక బ్యాంకు కార్డుతో మొత్తం ఒకేసారి కడితే 3,000 తగ్గింపు, అంటే 51,000. అదే ల్యాప్‌టాప్ నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 6,000 చొప్పున తొమ్మిది నెలలు. వడ్డీ లేదు కదా, ఇదే నయం అనిపిస్తుంది.

కానీ ఇక్కడ బ్యాంకు వడ్డీ మానుకోదు. ఏడాదికి 16 శాతం అనుకుంటే, అమ్మేవాళ్లు వడ్డీకి సరిపడా సుమారు 3,430 రూపాయలు ధరలోంచి ముందే తగ్గిస్తారు. బ్యాంకు మీకు 50,570 అప్పు ఇచ్చినట్టు రాసుకుని, వడ్డీతో కలిపి 54,000 వసూలు చేస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, సుమారు 618 రూపాయలు, నెలనెలా మీ కార్డు బిల్లులో పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే దానిమీద కూడా జీఎస్టీ కలిసి 235 అవుతుంది. మొత్తం 54,850 దాటుతుంది.

ఇప్పుడు నగదు ధరతో పోల్చండి. ఒకేసారి కట్టేవారికి వచ్చే 3,000 తగ్గింపు ఈఎంఐకి వర్తించకపోతే తేడా 3,850. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే ఇది నూటికి నెలకు దాదాపు రూపాయిన్నర వడ్డీ. అదే 3,000 తగ్గింపు నో కాస్ట్ ఈఎంఐకి కూడా ఇస్తే, మీరు అదనంగా పెట్టేది 850 మాత్రమే. తొమ్మిది నెలల గడువుకు అది చాలా చవక, నిశ్చింతగా తీసుకోవచ్చు. కాబట్టి ఆఫర్ షరతుల్లో మొదట చూడాల్సింది ఇదే: తగ్గింపు ఈఎంఐకి వర్తిస్తుందా, లేదా?

పత్తి రైతుల ఇళ్లలో ఇంకో చిక్కు ఉంటుంది. సేల్ దసరాకు వస్తుంది, పత్తి పైసలు ఆ తర్వాత చేతికొస్తాయి. తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 51,000 తెచ్చి రెండు నెలల్లో కట్టేస్తే వడ్డీ 2,040. తేడా 3,850 ఉన్న ఈఎంఐ కంటే అదే తక్కువ. నాలుగు నెలలు పట్టిందంటే మాత్రం లాభం పోతుంది. పంట డబ్బు మీద నమ్మకం లేకపోతే ఈఎంఐయే మంచిది. అయితే కార్డు బిల్లు ఏ నెలా తప్పొద్దు. తప్పితే చాలా కార్డులకు నెలకు మూడు శాతం పైనే పడుతుంది.

కార్డు లేనివాళ్లకు షాపులో కూర్చునే ఫైనాన్స్ కంపెనీ వాళ్లు లోన్ చేస్తారు. ఇక్కడ అడ్వాన్స్ ఈఎంఐలు గమనించాలి. తొమ్మిది నెలల ప్లాన్‌లో మూడు కిస్తులు కొన్న రోజే కట్టించుకుంటే, మీరు నిజంగా అప్పు వాడుకునేది ఆరు నెలలే. ఎక్స్‌టెండెడ్ వారంటీ, బీమా కూడా అడగకుండానే కలుపుతుంటారు. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి లోన్లకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, కాబట్టి సంతకానికి ముందే తెలుగులో అడగండి.

సేల్ ధర విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. ఒకే పేరుతో ర్యామ్, ప్రాసెసర్ తరం, స్క్రీన్ వేరుగా ఉన్న ల్యాప్‌టాప్‌లు అమ్ముతారు. పేరు కాదు, పూర్తి మోడల్ నంబరు రాసుకుని దాని ధరే రెండుచోట్ల అడగండి.

ఎక్స్ఛేంజ్‌లో చెప్పే అంకె అసలు విలువ కాదు. షాపువాళ్లు పాతదానికి 8,000 ఇస్తామని 54,000 లోంచి తీసేస్తే మీరు కట్టేది 46,000. పాతది ఇవ్వకుండా కూడా మీకు 51,000కే వస్తోంది కదా, అంటే దానికి దొరికింది 5,000. సెకండ్ హ్యాండ్ షాపులో 6,000 ఇస్తామంటే అక్కడే అమ్మండి. ఆన్‌లైన్‌లో చూపించే ధర కూడా, ఇంటికొచ్చి స్క్రీన్ మీద గీతలు, బ్యాటరీ, ఛార్జర్ చూశాక తగ్గొచ్చు. ఎక్కడిచ్చినా ముందు ఫోటోలు, ఫైళ్లు కాపీ చేసుకుని, ఖాతాల నుంచి సైన్ అవుట్ అయి, మొత్తం రీసెట్ చేసి ఇవ్వండి.