రెండు నెలల నోటీసు ఇచ్చి ఖాళీ చేస్తున్నారా? "ఒకటో తారీఖు నుంచే లెక్క" అనే ఓనర్లతో జాగ్రత్త

హైదరాబాద్‌లో, ముఖ్యంగా కొండాపూర్, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో అద్దెకుండి, ఇల్లు మారే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. ఓనర్ పేరు, అపార్ట్‌మెంట్ పేరు రాయను. పేరు కంటే ఆయన వేసిన లెక్క తెలియడం ముఖ్యం, ఎందుకంటే అదే లెక్క ఇంకో ఇద్దరు ఓనర్ల దగ్గర కూడా విన్నామని మా ఆఫీసులో వాళ్లు చెప్పారు.

మాది మామూలు పదకొండు నెలల అగ్రిమెంట్, జూన్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా. అద్దె 22,000, అడ్వాన్సు రెండు నెలలది 44,000. లాకిన్, అంటే ఖాళీ చేయకూడని గడువు, ఆరు నెలలు, అది నవంబరుతోనే అయిపోయింది. నోటీసు గురించి రాసింది ఒకే ఒక్క వాక్యం: ఎవరైనా సరే రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి అద్దె ముగించుకోవచ్చు. అంతే. నెల మొదట్లో ఇవ్వాలనీ లేదు, నెలాఖరుకే ఖాళీ చేయాలనీ లేదు.

మా ఆవిడకు ఉద్యోగం మారి అటువైపు ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. జనవరి 10న నోటీసు రాసి, సంతకం చేసి, కాపీ ఒకటి తీసుకుని ఓనర్ ఇంటికెళ్లాను. ఆయన చదివి, చాలా మర్యాదగా, "ఎందుకు బాబూ ఈ కాగితాలు, మనం మనం ఒకటి, చెప్పావుగా చాలు" అన్నారు. కాపీ మీద అందినట్టు ఒక సంతకం పెట్టండి అంకుల్ అంటే మాత్రం కళ్లజోడు లేదన్నారు. కళ్లజోడు లేకుండానే కదా ఇప్పటిదాకా చదివింది! అక్కడే నాకు అనుమానం వచ్చి, ఆ రోజే దాన్ని స్పీడ్ పోస్టులో అగ్రిమెంటులో ఉన్న ఆయన అడ్రసుకే పంపాను, పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టాను. పోస్టు 13న డెలివరీ అయింది. ఆ ట్రాకింగ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. (పాత రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి పోస్టాఫీసుకెళ్లి అది లేదట అని కంగారు పడకండి.) ఒకవేళ ఓనర్ కవరు తీసుకోకుండా తిప్పి పంపితే, పోస్ట్‌మ్యాన్ దాని మీద ఏమని రాశాడో చూసుకుని ఆ కవరును తెరవకుండా అలాగే దాచండి. అడ్రసు సరిగ్గా ఉండి ఆయనే తీసుకోలేదంటే, నోటీసు అందినట్టుగానే కోర్టులు చూస్తాయి.

నోటీసులో నేను రాసింది ఇంతే, కావాలంటే వాడుకోండి:

"ఫలానా తేదీ అగ్రిమెంటులోని నోటీసు షరతు ప్రకారం, మీ ఫ్లాటును ఖాళీ చేస్తున్నట్టు ఇందుమూలంగా రెండు నెలల నోటీసు ఇస్తున్నాను. మార్చి 15న ఫ్లాటు, తాళాలు మీకు అప్పగిస్తాను. అప్పటివరకు అద్దె, మెయింటెనెన్సు ఎప్పటిలాగే చెల్లిస్తాను. అప్పగించే రోజు ఫ్లాటు చూసుకుని, బకాయిలేమైనా ఉంటే తీసుకుని, 44,000 అడ్వాన్సులో మిగిలినది నా ఖాతాకు పంపగలరు."

నోటీసు రాసింది 10న అయినా ఖాళీ చేసే తేదీ మార్చి 10 అని కాకుండా 15 అని వేయడానికి కారణం ఉంది. నోటీసు లెక్క మనం రాసిన రోజు నుంచి కాదు, అవతలివాళ్లకు అందిన రోజు నుంచి మొదలవుతుందని పట్టుకోవడమే క్షేమం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కూడా అందిన తేదీ నుంచే అంటుంది. అద్దె ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు నెలనెలా అద్దెకు 15 రోజుల నోటీసు చాలని చెప్పేది కూడా ఆ సెక్షనే. మాకు ఒప్పందంలోనే రెండు నెలలని ఉంది కాబట్టి ఆ 15 రోజుల మాట మాకు పనికిరాదు, దాన్ని పట్టుకుని ఓనర్‌తో వాదనకు దిగకండి. రెండు నెలలంటే తేదీ నుంచి తేదీకి, జనవరి 13న అందితే మార్చి 13కు పూర్తయినట్టు. పోస్టు ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఇబ్బంది లేకుండా 15 వేశాను, ఆదివారం కూడా కలిసొచ్చింది.

ఫిబ్రవరి అద్దె మామూలుగానే బ్యాంకులో వేశాను, ఏ నెలదో రిమార్కులో రాసి మరీ. ఇక్కడొక మాట చెప్పాలి, మనలో చాలామంది చివరి రెండు నెలల అద్దె కట్టకుండా "అడ్వాన్సులో పట్టుకోండి" అంటారు. డబ్బు తిరిగొస్తుందో రాదో అన్న భయంతో చేసే పనే అది, అర్థం చేసుకోగలను. కానీ అగ్రిమెంటులో అలా సర్దుకోవచ్చని లేకపోతే మీరు అద్దె ఎగ్గొట్టినట్టు అవుతుంది, నోటీసు ఎంత పద్ధతిగా ఇచ్చినా ఆ తర్వాత తప్పంతా మీ మీదకే తోస్తారు. మార్చిలో ఉండే 15 రోజులకు కూడా లెక్క కట్టి (22,000ను 31తో భాగించి 15తో హెచ్చిస్తే 10,645) ముందే పంపేశాను.

అసలు కథ మార్చి మొదటి వారంలో మొదలైంది. ఓనర్ ఫోన్ చేసి, నోటీసు జనవరి మధ్యలో ఇచ్చావు కాబట్టి ఆ నెల లెక్కలోకి రాదు, ఫిబ్రవరి ఒకటి నుంచి రెండు నెలలు, అంటే మార్చి 31 దాకా అద్దె కట్టాల్సిందే అన్నారు. ఎక్కడ రాసుందండీ అని అడిగితే "హైదరాబాద్‌లో అందరూ ఇంతే" అన్నారు. ఈ మాటకు భయపడకండి. అగ్రిమెంటులో రాసి ఉంటే తప్పదు, మనమే సంతకం పెట్టాం కాబట్టి. రాసి లేకపోతే మాత్రం అందరూ ఇంతే అన్నది షరతు అయిపోదు.

15న సామాను ఎత్తేశాక తాళాలు ఇవ్వబోతే తీసుకోలేదు, 31న ఇవ్వమన్నారు. ఇది ఆయన మొండితనం అనుకునేరు, ఇందులో లెక్క ఉంది. తాళాలు మన దగ్గర ఉన్నంతకాలం ఇల్లు మన స్వాధీనంలోనే ఉందని, కాబట్టి అద్దె నడుస్తూనే ఉందని తర్వాత వాదించడానికి అది దారి. నేను ఖాళీ గదులన్నీ, కరెంటు మీటర్ రీడింగుతో సహా వీడియో తీసి, తాళాలు ఇవ్వడానికి వస్తే మీరు తీసుకోలేదు, ఇవాళ్టి నుంచి ఇల్లు మీదే, తాళాలు అసోసియేషన్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను అని అప్పటికప్పుడే మెసేజ్ పెట్టి, అదే మాట మర్నాడు స్పీడ్ పోస్టులో కూడా పంపాను. ఆయన మెసేజ్ చూశారు, జవాబు ఇవ్వలేదు, సాయంత్రానికి మాత్రం తాళాలు వాచ్‌మన్‌తో తెప్పించుకున్నారట.

పది రోజుల తర్వాత నా ఖాతాలో పడింది 14,645 రూపాయలు. మార్చిలో మిగిలిన 16 రోజుల అద్దె 11,355, పెయింటింగ్ 18,000 కోసేశారు. ఈలోపు ఆ ఫ్లాటులోకి మార్చి 20కే కొత్త ఫ్యామిలీ దిగిపోయింది. అంటే 20 నుంచి 31 దాకా ఒకే ఇంటికి ఇద్దరి దగ్గర అద్దె! ఈ సంగతి తెలిశాక నాకు కోపం కంటే ధైర్యం ఎక్కువ వచ్చింది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినప్పుడు కూడా సహేతుకమైన పరిహారమే రావాలి. ఇక్కడ నేను తప్పింది లేదు, ఆయనకు 20 నుంచి పోయిందీ లేదు. కాబట్టి నోటీసు సరిగా ఇవ్వలేకపోయినవాళ్లు కూడా కొత్తవాళ్లు ఏ తేదీన దిగారో కనుక్కోండి, బేరం చేసేటప్పుడు ఆ తేదీ చాలా పనికొస్తుంది.

పెయింటింగ్ విషయం కొంచెం వేరు. మా అగ్రిమెంటులో సాధారణ అరుగుదల మినహా ఇల్లు ఎలా ఇచ్చారో అలా అప్పగించాలని ఉంది. రంగు వెలిసిపోవడం, మేకు రంధ్రం ఒకటీ అరా అరుగుదలే. అయితే పిల్లల గదిలో ఒక గోడ మొత్తం స్కెచ్ పెన్నులతో గీసి ఉంది, దాన్ని అరుగుదల అని నేను అనలేను. కొన్ని అగ్రిమెంట్లలో, బెంగళూరులో ఉండే మనవాళ్లకు ఇది బాగా తెలుసు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని ముందే రాసేస్తారు. అలా రాసి ఉంటే మాట్లాడటానికి పెద్దగా ఏమీ ఉండదు.

తెలిసిన లాయరు గారితో నోటీసు పంపించాను. అందులో కోపం మాటలేవీ లేవు, తేదీలు, లెక్కలే: 13న అందింది, రెండు నెలలు ఫలానా రోజుకు పూర్తి, 15న తాళాలు ఇవ్వబోయాం, 20న కొత్తవాళ్లు వచ్చారు. వారం తిరక్కుండా ఓనర్ వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు. అద్దె కింద కోసిన 11,355 మొత్తం, పెయింటింగులో 6,000 ఉంచుకుని మిగిలిన 12,000 వెనక్కి వేశారు. ఆ గోడకు ఆరు వేలు ఎక్కువే, కానీ అంతటితో వదిలేశాను. లాయరు ఖర్చు వద్దనుకునేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు, కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా రాజీ ప్రయత్నం చేస్తారు, ఫీజు ఉండదు. కాకపోతే అవతలివాళ్లు ఒప్పుకుంటేనే అది తెగుతుంది, ఒప్పుకోకపోతే సివిల్ కోర్టే గతి.

ఇంకో సంగతి. పదకొండు నెలలు అయిపోయాక కొత్త అగ్రిమెంటు రాసుకోకుండా అద్దె కడుతూ ఉండిపోయినవాళ్లను కూడా ఈ ఓనర్ వదల్లేదని కింది ఫ్లోర్ వాళ్లు చెప్పారు. "అగ్రిమెంటే లేదు, ఇక అడ్వాన్సు ఎక్కడిది" అన్నారట. ఓనర్ అద్దె తీసుకుంటూ ఉంటే మామూలుగా అది నెలనెలా సాగే అద్దెగా నడుస్తుంది, అడ్వాన్సు ఆయన సొంతం అయిపోదు. అడ్వాన్సు ఇచ్చిన బ్యాంకు ఎంట్రీ మాత్రం వెతికి పెట్టుకోండి.

చివరగా, ఇప్పుడు అదే బ్లాకులో అగ్రిమెంట్లు రెన్యూ చేసుకుంటున్నవాళ్లకు: ఆయన కొత్త అగ్రిమెంటులో "నోటీసు నెల 1 నుంచి 5వ తేదీ లోపు ఇస్తేనే చెల్లుతుంది, ఆ తర్వాత ఇస్తే వచ్చే నెల నుంచి లెక్క" అని నాలుగో పేజీలో చేర్చారని మా పక్కింటి వాళ్లు ఫొటో పంపారు. సంతకం పెట్టకముందే దాన్ని కొట్టేయించండి, కొట్టేసిన చోట ఇద్దరూ సంతకం చేయండి. ఆయన ఒప్పుకోకపోతే కనీసం ఖాళీ చేయాలనుకున్న నెలకు తగ్గట్టు తేదీ చూసుకుని, 5 దాకా ఆగకుండా ముందు నెల 25 కల్లా పోస్టు చేసేయండి.